సంతకం లేదు, లెక్క సరిపోయింది. మరి తప్పున్నట్టా, లేనట్టా?

పైపులు, ఫిట్టింగులు హోల్‌సేల్‌గా అమ్మే ఒక సంస్థ ఉందనుకుందాం. సరుకు బిల్లుకు డబ్బు కట్టే ముందు అక్కడి అకౌంటెంట్ మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకటి సంస్థ ఇచ్చిన ఆర్డరు, రెండోది గోడౌన్‌లో సరుకు దిగినప్పుడు రాసిన జీఆర్‌ఎన్, మూడోది సప్లయర్ బిల్లు. మూడూ కలిస్తేనే బిల్లు మీద సంతకం పెట్టాలి. ఇది ఆ సంస్థ పెట్టుకున్న కంట్రోల్.

ఈ కాపలా ఏడాది పొడవునా పనిచేసిందా అని చూడటం టెస్ట్ ఆఫ్ కంట్రోల్స్. పుస్తకాల్లో ఎక్కిన రూపాయలు సరైనవేనా అని నేరుగా చూడటం సబ్‌స్టాంటివ్ ప్రొసీజర్.

కొత్తగా చేరిన ఆర్టికల్ ఏప్రిల్ నుంచి మార్చి వరకు 25 బిల్లులు తీశాడు. మూడింటి మీద సంతకం లేదు. కాగితాలు తనే పోల్చి చూస్తే మొత్తాలు సరిపోయాయి. ‘తేడా లేదు’ అని రాసేశాడు. పొరపాటు అక్కడే జరిగింది. ఇక్కడ అడిగింది మొత్తం గురించి కాదు, కాపలా గురించి. ఆ మూడుసార్లూ కాపలా లేదు, లెక్క అదృష్టవశాత్తూ కుదిరింది. మూడు బిల్లులూ అకౌంటెంట్ సెలవులో ఉన్న అక్టోబరువే. ఆ రోజుల్లో మరొకరెవరూ చూడకపోతే, ఆ కాలానికి కంట్రోల్‌ను నమ్మలేం. అప్పటి బిల్లులను ఎక్కువగా తీసి నేరుగా పరీక్షించాలి.

సంతకం ఉన్న 22 బిల్లులనూ ఊరికే వదలకూడదు. చూడకుండానే సంతకం పెట్టి ఉండొచ్చు. అందుకే కాగితాలను మళ్లీ పోల్చాలి. సరుకు తక్కువ వచ్చిన బిల్లును ఆయన ఎప్పుడైనా ఆపారా అని అడిగి, ఆ కాగితం చూడాలి.

ఇప్పుడు రెండో పని. మార్చి 31న ఒక సప్లయర్‌కు రూ.6,40,000 బాకీ అని లెడ్జర్ చెబుతోంది. సప్లయర్‌ను అడిగితే రూ.7,25,000 అన్నారు. తేడా రూ.85,000. వెతికితే సరుకు మార్చి 29నే దిగినట్టు జీఆర్‌ఎన్ ఉంది. బిల్లు ఏప్రిల్ 4న అందడంతో కొనుగోలు కొత్త ఏడాదిలో రాశారు. ఏడాది చివర లెక్కించిన స్టాకులో మాత్రం ఆ సరుకు చేరిపోయింది. దాంతో బాకీ రూ.85,000 తగ్గింది, లాభం అంతే పెరిగింది. ఆ మూడు కాగితాల కంట్రోల్ ఎంత బాగా పనిచేసినా దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అది డబ్బు కట్టేటప్పుడే మేలుకుంటుంది.

అందుకే కంట్రోల్స్ ఎంత గట్టిగా ఉన్నా, పెద్ద మొత్తాలున్న ప్రతి ఖాతాకూ సబ్‌స్టాంటివ్ పని కొంతైనా చేసి తీరాలని ఎస్‌ఏ 330 చెబుతుంది. కంట్రోల్స్ బాగుంటే ఆ పనిని తగ్గించుకోవచ్చు, మానేయడానికి మాత్రం వీల్లేదు. ఆ 25 బిల్లులతో రెండు పరీక్షలూ చేయవచ్చు. అప్పుడు వర్కింగ్ పేపర్‌లో రెండు గడులుండాలి: ‘కాపలా పనిచేసిందా?’, ‘మొత్తం సరైనదా?’ ఒకదాని జవాబును రెండోదాని గడిలో రాయకూడదు.