ఖాళీలో మస్టా, హావ్ టూనా, కాంటా?

బ్రిటన్‌లో రోడ్డెక్కే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే చిన్న పుస్తకం ఒకటుంది. దాని పేరు హైవే కోడ్. 1931లో మొదటిసారి అచ్చయింది. చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్ళిన తెలుగువాళ్ళు కూడా లైసెన్సు కావాలంటే ఈ పుస్తకం చదివే థియరీ పరీక్షకు కూర్చుంటారు. అందులో హెల్మెట్ సంగతి రెండు చోట్ల వస్తుంది. మోటారు సైకిల్ నడిపేవాళ్ళకు చెప్పేటప్పుడు ‘మస్ట్’ అని పెద్దక్షరాల్లో వేశారు. తొక్కే సైకిల్ దగ్గరికి వచ్చేసరికి అదే హెల్మెట్‌కు ‘షుడ్’ అన్నారు.

ఈ తేడా ఊరికే వచ్చింది కాదు. ఆ పుస్తకంలో మస్ట్ అని ఉన్నచోటల్లా వెనకాల ఒక చట్టం ఉంటుంది. మీరితే నేరం. షుడ్ అంటే సలహా. పాటించనంత మాత్రాన కేసు పెట్టరు గానీ, ప్రమాదం జరిగి వ్యవహారం కోర్టుకెక్కితే ఆ మాట ఎత్తి చూపే వీలుంది. తలపాగా కట్టుకునే సిక్కులకు మోటారు సైకిల్ మీద కూడా హెల్మెట్ అక్కర్లేదని 1976లో చట్టం చేశారు. వాళ్ళ గురించి ఇంగ్లీషులో చెప్పాలంటే ‘డోంట్ హావ్ టు’ అనాలి. రాత్రి పదకొండున్నర నుంచి పొద్దున ఏడింటి దాకా ఇళ్ళున్న చోట, ఎదుటివాళ్ళ వల్ల ప్రమాదం ముంచుకొస్తే తప్ప, కారు హారన్ కొట్టకూడదు. అక్కడ ‘మస్ట్ నాట్’. రోడ్డు నిబంధనలు నాలుగు చదివితే ఇంగ్లీషు పరీక్షల్లో ఖాళీలు పూరించే ప్రశ్న సగం చదివినట్టే.

మిగతా సగం దగ్గరే చాలామంది తడబడతారు. కారణం తెలుగులోనే ఉంది. ‘బెల్టు పెట్టుకోవాలి’ అన్నా, ‘ఓసారి డాక్టరుకు చూపించుకోవాలి’ అన్నా, ‘లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి వాళ్ళు ఇంట్లోనే ఉండాలి’ అన్నా మనకు చివర వచ్చేది ఒకటే ‘ఆలి’. మొదటిది నియమం, రెండోది సలహా, మూడోది ఊహ. ఇంగ్లీషులో నియమానికీ ఊహకూ మస్ట్ సరిపోతుంది, సలహాకు షుడ్ వాడతారు. కాబట్టి ఖాళీ చూడగానే ‘ఆలి’ అని అనువదించుకుని మస్ట్ రాసేస్తే, రెండు చోట్ల ఒప్పయి మూడో చోట తప్పవుతుంది.

అదే వాక్యాన్ని కాదనే వైపు తిప్పితే మాత్రం తెలుగు మనకు దారి చూపిస్తుంది. ఒక్క ‘ఆలి’కి మన దగ్గర కనీసం మూడు వ్యతిరేకాలున్నాయి. హారన్ కొట్టకూడదు. హెల్మెట్ పెట్టుకోనక్కర్లేదు. వాళ్ళు ఇంట్లో ఉండే అవకాశమే లేదు. ఈ మూడింటినీ తెలుగువాళ్ళెవరూ కలగాపులగం చేయరు. ఇంగ్లీషులో వీటికి వరసగా మస్ట్ నాట్, డోంట్ హావ్ టు, కాంట్ సరిపోతాయి. ఖాళీ ఉన్న వాక్యానికి ‘కూడదు’, ‘అక్కర్లేదు’, ‘అవకాశం లేదు’ అనే మూడింటిలో ఏది అతుకుతుందో చూసుకుంటే జవాబు చాలావరకు అక్కడే తేలుతుంది.

ఒక చిన్న పేరా తీసుకుని చూద్దాం. పరీక్షా కేంద్రం గేటు దగ్గర ఇద్దరు స్నేహితురాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం.

మీనా ఈజ్ నాట్ ఆన్సరింగ్ హర్ ఫోన్. షీ ____ బీ ఇన్ ద ఎగ్జామ్ హాల్. స్టూడెంట్స్ ____ టేక్ ఫోన్స్ ఇన్‌సైడ్. షీ ____ బీ ఎట్ హోమ్, బికాజ్ ద ఎగ్జామ్ స్టార్టెడ్ ఎట్ నైన్. వుయ్ ____ వెయిట్ హియర్. వుయ్ కెన్ గో హోమ్ అండ్ కాల్ లేటర్. యెస్టర్‌డే హర్ ఫాదర్ ____ వెయిట్ త్రీ అవర్స్ ఇన్ ద సన్. హీ ____ బ్రింగ్ యాన్ అంబ్రెల్లా టుడే.

మొదటి ఖాళీలో ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వడం లేదు. మీనా ఫోనెత్తడం లేదన్నది చేతిలో ఉన్న ఆధారం, హాల్లో ఉందన్నది దాని మీద కట్టిన ఊహ. ఆధారం బలంగా ఉంది కాబట్టి మస్ట్. ఖాళీ తర్వాత ‘బీ’ ఉండటం కూడా ఒక గుర్తే. ‘బీ క్వయట్’ లాంటి ఆజ్ఞలు లేకపోలేదు గానీ, ఒక మనిషి ఎక్కడుందో, ఎలా ఉందో చెప్పే వాక్యంలో మస్ట్ తర్వాత బీ వస్తే అది ఎక్కువగా ఊహే అయ్యుంటుంది.

రెండో ఖాళీ నిబంధన. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళకూడదు, కాబట్టి మస్ట్ నాట్. ఇక్కడ కాంట్ రాసినా తప్పు పట్టలేం, ఎందుకంటే అనుమతి లేదని చెప్పడానికి ఇంగ్లీషువాళ్ళు మామూలుగా వాడే మాట అదే. మూడో ఖాళీలోనూ కాంట్ వస్తుంది, కానీ ఇది వేరే కాంట్. తొమ్మిదింటికే పరీక్ష మొదలైంది కాబట్టి ఆమె ఇంట్లో ఉండే అవకాశమే లేదు. మస్ట్‌కు వ్యతిరేకం మస్ట్ నాటే కదా అనుకుని ఇక్కడ ‘షీ మస్ట్ నాట్ బీ ఎట్ హోమ్’ అని రాస్తే, బ్రిటిష్ ఇంగ్లీషు చెవికి ఆమె ఇంట్లో ఉండకూడదు అని ఎవరో నిషేధం పెట్టినట్టు వినిపిస్తుంది. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో మళ్ళీ మళ్ళీ కనబడే పొరపాట్లలో ఇదొకటి.

నాలుగో ఖాళీకి తాళంచెవి ఖాళీ పక్కన లేదు, తర్వాతి వాక్యంలో ఉంది. ఇంటికెళ్ళి తర్వాత ఫోన్ చేయొచ్చు అంటున్నారు. అంటే ఇక్కడ ఉండనక్కర్లేదు, కాబట్టి డోంట్ హావ్ టు. ఆ రెండో ముక్క చదవకుండా మస్ట్ నాట్ రాస్తే, గేటు దగ్గర నిలబడటం నేరమన్నట్టు అర్థం మారిపోతుంది. ప్రశ్న తయారుచేసేవాళ్ళు ఆధారాన్ని తరచుగా ఇలా ఖాళీ దాటిన తర్వాతే పెడతారు.

ఐదో ఖాళీలో ‘యెస్టర్‌డే’ ఉంది. నిన్న ఆయన మూడు గంటలు ఎండలో నిలబడాల్సి వచ్చింది. మస్ట్‌ను గతంలోకి తీసుకెళ్ళే దారి లేదు కాబట్టి ఇక్కడ హాడ్ టు. ఆరోది మన మాటగా చెప్పే సలహా, షుడ్. గొడుగు తెచ్చుకోకపోతే ఏ చట్టమూ ఆయన్ను ఏమీ అనదు.

మస్ట్‌కు గతరూపం ఎందుకు లేదన్నదానికి జవాబు చరిత్రలో ఉంది. ఆ మాటే ఒకప్పటి గతరూపం. పాత ఇంగ్లీషులో ‘అనుమతి ఉండటం’ అనే అర్థంలో ఒక క్రియ ఉండేది. దాని భూతకాల రూపం నుంచి మస్ట్ పుట్టింది. కాలక్రమంలో అసలు క్రియ వాడుకలోంచి పోయి, దాని గతరూపం వర్తమానంలో స్థిరపడింది. ఇప్పుడు గతం గురించి చెప్పాల్సి వస్తే ఇంగ్లీషుకు రెండు దారులు. బలవంతమైతే హాడ్ టు, ఊహ అయితే ‘మస్ట్ హావ్’ పెట్టి దాని తర్వాత క్రియ మూడో రూపం. ఇక్కడ తెలుగు ఇంకా స్పష్టంగా చెబుతుంది. ‘వెళ్ళాల్సి వచ్చింది’ అంటే హాడ్ టు గో. ‘వెళ్ళి ఉంటాడు’ అంటే మస్ట్ హావ్ గాన్. ‘వెళ్ళి ఉండాల్సింది’ అంటే షుడ్ హావ్ గాన్, అంటే వెళ్ళలేదు, ఇప్పుడు బాధపడుతున్నాం. ‘వెళ్ళి ఉండే అవకాశమే లేదు’ అన్నది కాంట్ హావ్ గాన్.

ఇక మస్ట్‌కూ హావ్ టుకూ మధ్య తగవు. పాఠ్యపుస్తకాలు చెప్పే సూత్రం ఇది: బలవంతం మాట్లాడేవాడి నుంచి వస్తే మస్ట్, బయటినుంచి వస్తే హావ్ టు. ‘అమ్మకు ఇవాళ తప్పకుండా ఫోన్ చేయాలి’ అని మనకు మనమే అనుకుంటే ‘ఐ మస్ట్ కాల్ మదర్’. మా ఆఫీసులో అందరూ ఎనిమిదింటికల్లా రావాలి అని ఇంకొకరి నియమం చెబితే ‘వుయ్ హావ్ టు కమ్ ఎట్ ఎయిట్’. సూత్రం పనికొస్తుంది గానీ వాడుకలో ఈ గీత అంత గట్టిగా లేదు. పైగా మస్ట్ వాడకమే తగ్గుతోంది. 1961లోనూ 1991లోనూ అచ్చయిన బ్రిటిష్ ఇంగ్లీషు రచనల నుంచి చెరో పది లక్షల మాటల చొప్పున పోగుచేసిన రెండు సంకలనాలను భాషావేత్త జెఫ్రీ లీచ్ పోల్చి చూశాడు. ఆ ముప్ఫై ఏళ్ళలో మస్ట్ గణనీయంగా తగ్గినట్టు తేలింది.

రెండింటిలో ఏది రాసినా అర్థం కుదిరేచోట వాక్యం ఆకారమే తీర్పు చెబుతుంది. మస్ట్, కెన్, షుడ్ ల తర్వాత క్రియ నేరుగా వస్తుంది, మధ్యలో ‘టు’ ఉండదు, కర్త ‘షీ’ అయినా వాటి రూపం మారదు. కాబట్టి ఖాళీ తర్వాత ‘టు’ కనబడితే మస్ట్ ఆశ వదులుకోవాల్సిందే. కేంబ్రిడ్జి బీ2 ఫస్ట్ పరీక్షలో ఒక భాగం ఇలాంటిదే: ఒక పేరాలో ఎనిమిది ఖాళీలు, ఒక్కోదానికి ఒకే ఒక్క మాట. ‘షీ ____ టు వర్క్ ఆన్ సండేస్’ లాంటి వాక్యం వస్తే అర్థం ప్రకారం మస్ట్ అనిపించినా, టు ఉంది కాబట్టి రాయాల్సింది ‘హాజ్’.

అనుమతి దగ్గర చిక్కు తక్కువ. ఒక్క సంగతి గుర్తుంటే చాలు: మర్యాదగా అడిగేటప్పుడు కుడ్ వాడొచ్చు గానీ, ఇచ్చేటప్పుడు వాడరు. ‘కుడ్ ఐ సిట్ హియర్?’ అన్న ప్రశ్నకు జవాబు ‘యెస్, యూ కెన్’. మే అంటే ఇంకొంచెం పెద్దమనిషి తరహా. నోటీసు బోర్డుల మీద, దరఖాస్తుల్లో ఎక్కువగా కనబడుతుంది.

కొన్ని ఖాళీలకు ఇవన్నీ చూసుకున్నా ఒకటే జవాబు ఉండదు. ‘యూ ____ సీ ఎ డాక్టర్’ అని ఒంటరిగా ఇస్తే మస్ట్, షుడ్, హావ్ టు మూడూ అతుకుతాయి. పక్కన ఇంకో వాక్యం పెట్టని ప్రశ్నదే అక్కడ తప్పు. ‘అది నా సలహా మాత్రమే’ అని వెనకాల చేర్చితే షుడ్ ఒక్కటే మిగులుతుంది. ‘లేకపోతే కంపెనీ సెలవు మంజూరు చేయదు’ అని చేర్చితే హావ్ టు ముందుకొస్తుంది. ఊహ విషయంలోనూ ఇలాంటి మెలిక ఒకటుంది. తలుపు తట్టి ఎవరూ పలకకపోతే అమెరికాలో ‘దే మస్ట్ నాట్ బీ హోమ్’ అనడం మామూలే. మన పిల్లలు రాసే పరీక్ష బ్రిటిష్ పాఠ్యపుస్తకం నుంచి వచ్చిందైతే, అమెరికాలో ఉన్న మేనమామ ఫోన్లో అనే ఆ వాక్యాన్ని జవాబుపత్రంలో కాంట్‌గా మార్చుకుని రాయాలి.