ఐదు లక్షలు కట్టినా వడ్డీ పెరిగిందేంటి?

ఇంటి లోనులో కొంత ముందే కట్టేస్తే వడ్డీ తగ్గుతుందని అందరికీ తెలుసు. ఏ రోజు నుంచి తగ్గుతుందన్నది మాత్రం చాలామంది చూసుకోరు. మా అన్నయ్య లోనులో తేడా వచ్చింది సరిగ్గా అక్కడే.

2024 జులై 9న అన్నయ్య లోను ఖాతాలో 5 లక్షలు జమ చేశాడు. జూన్‌లో 20,786 రూపాయలున్న వడ్డీ జులై నెలాఖరుకి 21,403 అయింది. "ఐదు లక్షలు కట్టినా వడ్డీ పెరిగిందేంట్రా?" అంటూ స్టేట్‌మెంటు నాకు పంపాడు. బ్రాంచికి వెళ్తే, "అది సిస్టమ్ వేసే లెక్కండీ, మా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నారు. నేను పొద్దున లేస్తే సిస్టమ్‌లు రాసేవాణ్నే. ఆ మాట నా దగ్గర పనిచేయదు!

బ్యాంకుతో పేచీ పెట్టుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది. గొడవ లేని నెల ఒకటి తీసుకుని, బ్యాంకు వేసిన వడ్డీ మన లెక్కలో రూపాయితో సహా వస్తుందో లేదో చూడాలి. రాకపోతే మన పద్ధతి వేరు, వాళ్ల పద్ధతి వేరు అన్నమాట. అప్పుడు ఉత్తరం రాసినా "మీ లెక్క తప్పు" అని తిప్పి పంపేస్తారు.

జూన్ ఒకటిన అసలు 28,10,000. వడ్డీ రేటు 9 శాతం. ఏడాది వడ్డీని 12తో భాగిస్తే 21,075 వచ్చింది, కుదరలేదు. ఆ ఏడాది లీపు సంవత్సరం కదా అని 366 రోజులతో వేస్తే 20,730 వచ్చింది, అదీ కాదు. 365తో భాగించి 30 రోజులకి వేస్తే 20,786! అంటే బ్యాంకు రోజువారీ నిల్వ మీద, 365 రోజుల లెక్కన వడ్డీ వేస్తోంది. లోను అగ్రిమెంటులోనూ రోజువారీ నిల్వ అనే ఉంది.

ఇక జులై. ఈఎంఐ పోగా ఆ నెల మొదట్లో అసలు సరిగ్గా 28 లక్షలు. ఎనిమిదో తారీఖు దాకా 8 రోజులు 28 లక్షల మీద, తొమ్మిది నుంచి 23 రోజులు 23 లక్షల మీద వడ్డీ పడాలి. ఎక్సెల్‌లో ఒక్క వరుస చాలు:

```
=2800000*9%*8/365 + 2300000*9%*23/365
```

జవాబు 18,567. బ్యాంకు వేసింది 21,403. తేడా 2,836. మొత్తం 28 లక్షలకీ 31 రోజుల వడ్డీ వేసి చూస్తే అచ్చంగా 21,403 వస్తుంది. అంటే కట్టిన ఐదు లక్షల్ని ఆ నెలంతా లెక్కలోకే తీసుకోలేదు.

కారణం స్టేట్‌మెంటులోనే ఉంది. ఆ జమ పక్కన రెండు తేదీలున్నాయి. డబ్బు పడిన తేదీ జులై 9, 'వ్యాల్యూ డేట్' ఆగస్టు 1. వడ్డీకి లెక్కలోకి వచ్చేది ఈ రెండోదే.

ఉత్తరం ఒక పేజీ దాటనివ్వలేదు. అందులో అసలు భాగం ఇది:

"జూన్ వడ్డీని మీ పద్ధతిలోనే లెక్కించగా మీ అంకెతో సరిపోయింది. అదే పద్ధతిలో జులైకి రావలసిన వడ్డీ రూ. 18,567, మీరు వేసినది రూ. 21,403. జులై 9 నాటి జమకు వ్యాల్యూ డేట్ ఆగస్టు 1గా నమోదు కావడమే ఇందుకు కారణం. దానిని జులై 9కి సరిచేసి, ఎక్కువగా వేసిన రూ. 2,836ను, దాని వలన తరువాత పడిన వడ్డీని రద్దు చేయగలరు. లెక్క పట్టిక, స్టేట్‌మెంటు ప్రతి జతపరచడమైనది."

వట్టి రీఫండ్ కాకుండా తేదీ మార్చమని అడగడానికి కారణం ఉంది. 2,836 అసలులోనే ఉండిపోతే దాని మీదా ప్రతి నెలా 9 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. అన్నయ్య లోను తీరడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. అప్పటికి ఆ చిన్న మొత్తమే 6,300 దాటుతుంది.

రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 29న ఇచ్చిన సర్క్యులర్‌ని కూడా ఉత్తరంలో ప్రస్తావించాం. నెల మధ్యలో అప్పు ఇచ్చినా, తీర్చినా కొన్ని సంస్థలు నెలంతటికీ వడ్డీ వేస్తున్నట్టు తనిఖీల్లో తేలిందనీ, అలాంటి ఎక్కువ వడ్డీ వెనక్కివ్వాలనీ అందులో ఉంది. అగ్రిమెంటులో రోజువారీ నిల్వ అన్న మాట లేనివాళ్లకి అప్పట్లో ఈ సర్క్యులరే ప్రధాన ఆధారం.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో బ్రాంచి ముద్ర వేయించుకున్నాం. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ ఉండదు. ఆ 30 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పేది ఆ ముద్రే.

మాకు అంతదాకా వెళ్లాల్సిన పని పడలేదు. పంతొమ్మిదో రోజున మెయిలొచ్చింది. వ్యాల్యూ డేట్ సరిచేసి, 2,836తో పాటు ఆగస్టులో దాని మీద పడిన 22 రూపాయలు కూడా వెనక్కి వేశారు. డిసెంబరులో అన్నయ్య ఇంకో లక్ష కట్టాడు. ఈసారి రెండు తేదీలూ ఒకటే పడ్డాయి.