యాభై శాతం డివిడెండ్ అంటే ఎంత?

కంపెనీ 50 శాతం డివిడెండ్ ప్రకటించిందని పేపర్లో చదివిన కొత్త మదుపరి, 250 రూపాయలకు కొన్న షేరుపై 125 వస్తాయనుకుంటాడు. చేతికొచ్చేది 5 రూపాయలే. ఆ శాతాన్ని లెక్కగట్టేది షేరు ముఖవిలువ మీద. ఇక్కడ అది 10 రూపాయలు.

ఆర్థిక అవగాహన కరపత్రం రాసేవారు తేల్చుకోవాల్సింది ఇలాంటివే. డివిడెండ్‌ను ‘వడ్డీ’ అంటే ఏటా తప్పక వస్తుందన్న భ్రమ కలుగుతుంది. కంపెనీ ఏమీ ఇవ్వకపోవచ్చు కూడా. అందుకే ‘లాభంలో వాటా’ అనాలి.

ఈల్డ్‌ను ‘దిగుబడి’ అంటే రైతుకు ధాన్యం బస్తాలు గుర్తొస్తాయి. ఉత్త ‘రాబడి’ అంటే షేరు ధర పెరిగి వచ్చిన లాభమూ అందులో కలిసిపోతుంది. ‘నేటి ధరపై డివిడెండ్ శాతం’ అంటే గందరగోళం ఉండదు. పై షేరుకు అది 2 శాతం. ధర 125కు పడిపోతే, పాత డివిడెండ్‌తోనే 4 శాతమవుతుంది. అంటే ఈల్డ్ పెరగడం మంచి వార్తే కానక్కరలేదు.

పోర్ట్‌ఫోలియోకు ‘మీ పెట్టుబడులన్నీ కలిపి’ అంటే చాలు.

అయితే వివరణ పక్కనే అసలు పదాన్నీ తెలుగు లిపిలో ఉంచాలి. ఖాతా స్టేట్‌మెంటులో పాఠకుడికి ఎదురయ్యేది ఆ పదమే.