పదాన్ని కొట్టేస్తే భిన్నం ఎందుకు మారిపోతుంది?

(x + 4)/4 అనే సమాసాన్ని సూక్ష్మీకరించమంటే, బీజగణితం కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది పైన ఒక 4, కింద ఒక 4 కనబడగానే రెండింటి మీదా గీత గీసి x అని జవాబు రాసేస్తారు. x స్థానంలో 6 పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. అసలు సమాసం విలువ 10/4, అంటే 2.5. కొట్టివేతలో మిగిలింది మాత్రం 6.

భిన్నంలో కొట్టివేత అంటే భాగహారమే. లవాన్నీ హారాన్నీ సున్న కాని ఒకే సంఖ్యతో భాగిస్తే భిన్నం విలువ మారదు. 4x/4లో లవం మొత్తం 4 × x అనే లబ్ధం కాబట్టి, పైనా కిందా 4తో భాగిస్తే x మిగులుతుంది. ఇక్కడ 4 లవానికి కారణాంకం. x + 4లో అయితే 4 ఒక పదం మాత్రమే. ఆ లవాన్ని 4తో భాగించాలంటే రెండు పదాలనూ భాగించాలి. అప్పుడు వచ్చేది x/4 + 1. ఒక పదాన్ని భాగించి పక్కదాన్ని వదిలేస్తే అది భాగహారం కాదు.

పదం మీద గీత పడినప్పుడు జరిగేది నిజానికి తీసివేత. పైనుంచి 4, కిందనుంచి 4 తీసేస్తే లవంలో x ఉంటుంది, హారంలో సున్న మిగులుతుంది. ఈ అలవాటు బహుశా సమీకరణాల నుంచి వస్తుంది. x + 4 = 10 + 4 అన్నప్పుడు ఇరువైపులా 4 కొట్టేయడం న్యాయమే, ఎందుకంటే సమానత్వం తీసివేతకు చెక్కుచెదరదు. భిన్నానికి ఆ గుణం లేదు. 1/2కు పైనా కిందా 3 కలిపితే 4/5 అవుతుంది.

ఎప్పుడూ తప్పేనా అంటే, లెక్క కట్టి చూడవచ్చు. (a + c)/(b + c), a/b రెండూ సమానం కావాలంటే అడ్డగుణకారంతో ab + bc = ab + ac రావాలి. అంటే bc = ac. కాబట్టి c సున్న అయినా కావాలి, a, b సమానమైనా కావాలి. మొదటి సందర్భంలో కొట్టేయడానికి ఏమీ లేదు, రెండో సందర్భంలో భిన్నం విలువ ముందే 1.

ఇప్పుడు కాస్త పెద్ద ఉదాహరణ: (x² + 5x + 6)/(x² + 3x + 2). తొందరపడితే పైనా కిందా x² ఎగిరిపోయి (5x + 6)/(3x + 2) మిగులుతుంది. సరైన దారిలో ముందు కారణాంకాలుగా విడగొట్టాలి. లవం (x + 2)(x + 3), హారం (x + 1)(x + 2). రెండింటికీ ఉమ్మడి కారణాంకమైన x + 2ను కొట్టేస్తే (x + 3)/(x + 1) వస్తుంది. x = 1 పెడితే అసలు సమాసం 12/6, అంటే 2; సరైన జవాబు 4/2, అదీ 2. తప్పు జవాబు 11/5.

జవాబు సరిచూసుకోవడానికి చాలామంది సులువని x = 0 పెడతారు. ఇక్కడ అదే మోసం చేస్తుంది. సున్న దగ్గర అసలు సమాసం 6/2, తప్పు జవాబూ 6/2. కొట్టేసిన x² అక్కడ సున్న కావడమే కారణం, అంటే పైన చెప్పిన c = 0 సందర్భం. అందుకే 2 లాంటి సంఖ్యతో చూడటం మంచిది. తప్పు పద్ధతికి ఒప్పు జవాబు రావడం అంకెల్లోనూ ఉంది: 16/64లో రెండు 6లు కొట్టేస్తే 1/4 వస్తుంది, జవాబు నిజమే! అదే పని 13/34లో చేస్తే కుదరదు.

ఏది కారణాంకమో గుర్తుపట్టడానికి ఒక ప్రశ్న చాలు: x విలువ ఇస్తే, లవాన్ని లెక్క కట్టేటప్పుడు చివరగా చేసే పని ఏమిటి? అది గుణకారమైతే ఆ గుణించిన భాగాలు కారణాంకాలు. కూడికో తీసివేతో అయితే అవి పదాలు. ((x + 2)(x + 3) + 1)/(x + 2)లో బ్రాకెట్లు చూసి చెయ్యి ఊరుకోదు. కానీ లవంలో చివరి పని 1 కలపడం. కాబట్టి ఇక్కడ x + 2ను కొట్టేయడానికి వీల్లేదు.

సరైన కొట్టివేతకూ ఒక షరతు ఉంది. x + 2తో భాగించామంటే అది సున్న కాదని ఒప్పుకున్నట్టే. x = −2 దగ్గర పై ఉదాహరణలోని అసలు సమాసం 0/0, దానికి విలువే లేదు. సూక్ష్మీకరించిన (x + 3)/(x + 1)లో అదే −2 పెడితే −1 వస్తుంది. హారంలో x + 1 ఇంకా కనబడుతోంది గనుక x ≠ −1 అన్న సంగతి చూడగానే తెలుస్తుంది. కొట్టేసిన x + 2 కనబడదు కాబట్టి జవాబు పక్కన x ≠ −2 అని విడిగా రాయాలి.