కాలరు పక్కన నల్లగీత

తాతగారిది ఒక్క పాస్‌పోర్టు ఫొటోయే మిగిలింది, దాన్నే పెద్దది చేసి పటం కట్టించాలి. 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ ఫొటోను 300 డీపీఐలో స్కాన్ చేస్తే అడ్డంగా 413, నిలువుగా 531 చుక్కలు వస్తాయి. రెండువైపులా నాలుగింతలు చేస్తే పాత చుక్క ఒక్కోదానికి 16 కావాలి. అందులో 15 చుక్కలు సాఫ్ట్‌వేర్ వేసే అంచనాలే.

ఆ అంచనా ఎలా వేస్తుందో తాతగారి తెల్ల కాలరు దగ్గర చూద్దాం. ఎడమవైపు నల్లటి తెర, ప్రతి చుక్క విలువ 50. కుడివైపు కాలరు, ప్రతి చుక్క 200. సరిగ్గా అంచు మీద, 50కీ 200కీ నడిమధ్యన కొత్త చుక్క పెట్టాలి. నియరెస్ట్ నైబర్ ఆలోచించదు, పక్కదాన్ని కాపీ కొడుతుంది: 50 గానీ 200 గానీ. అందుకే ఏటవాలు గీతలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. మిగతా మూడూ 125 అనే అంటాయి!

మరి తేడా ఎక్కడ? అంచుకు ఒక్క అడుగు ఎడమకు, రెండు 50ల మధ్యకు రండి. స్కేలు పెట్టి గీత గీసినట్టు కలిపే బైలీనియర్ 50 అంటుంది. బైక్యూబిక్ వరసకు నాలుగు చుక్కలు చూసి, వంపు గీతతో కలుపుతుంది. దూకేముందు మోకాళ్లు వంచినట్టు ఆ గీత పైకి లేచేముందు కాస్త కిందికి దిగుతుంది, విలువ 41 అవుతుంది. వరసకు ఆరు చుక్కలు చూసే లాంచోస్ ఇంకా లోతుకు, 33కి దిగుతుంది. మరో అడుగు ఎడమకు వెళితే అదే లాంచోస్ 54 చూపిస్తుంది, అంటే అలలా మళ్లీ పైకి లేచిందన్నమాట. అసలు ఫొటోలో ఈ 41, 33, 54 ఎక్కడా లేవు.

ఆ దిగుడు వల్లే అంచు కంటికి పదునుగా ఆనుతుంది. అది ఎక్కువైతే కాలరు చుట్టూ నల్లగీత, కాలరు లోపల మరీ తెల్లటి గీత తేలతాయి. వంపు ఎంతుండాలన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది కాబట్టి, ఒక దాంట్లోని బైక్యూబిక్ మరో దాంట్లో అచ్చం అలాగే రాదు.

శుభ్రంగా స్కాన్ చేసిన ముఖానికి నా ఓటు బైక్యూబిక్‌కే. జుట్టు, చీర నేత లాంటి సన్నటి గీతలుంటే లాంచోస్ బాగుంటుంది. వాట్సాప్‌లో నలిగి వచ్చిన జేపెగ్‌కు మాత్రం లాంచోస్ వాడకండి, అందులోని గళ్ల అంచులకు కూడా పదును పెట్టేస్తుంది. దానికి మెత్తగా కలిపే బైలీనియరే నయం. నియరెస్ట్ నైబర్‌ను క్యూఆర్ కోడ్‌కు అట్టేపెట్టుకోండి.

అసలు ఫొటో చేతిలోనే ఉంటే ఈ తంటాలేవీ అక్కర్లేదు. దాన్ని 1200 డీపీఐలో మళ్లీ స్కాన్ చేయించండి. అన్ని చుక్కలూ కాగితం మీద నుంచే వస్తాయి, కాగితపు గరుకుతో సహా.