అర్ధరాత్రి ధర మారితే కౌంటర్‌కు ఎలా తెలుస్తుంది?

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ పన్ను రేట్లు తగ్గించాలని నిర్ణయించింది. కొత్త రేట్లు 22వ తేదీ నుంచి అమల్లోకి వచ్చాయి. షాంపూ, తలనూనె, టూత్‌పేస్టు మీద 18 శాతం ఉన్న పన్ను 5కి దిగింది. నెయ్యి, వెన్న మీద 12 శాతం ఉన్నదీ 5 అయింది. 21 రాత్రి ఆఖరి బిల్లుకు పాత రేటు, 22 పొద్దున మొదటి బిల్లుకు కొత్త రేటు. ఒకే కొట్టు ఉన్నాయన కంప్యూటర్ ముందు కూర్చుని మార్చుకుంటాడు. అరవై ఊళ్లలో దుకాణాలు, ఒక్కోదానిలో నాలుగేసి బిల్లింగ్ కౌంటర్లు ఉన్న సంస్థ మాత్రం ఒకే రాత్రి 240 కంప్యూటర్లలో ఆ మార్పు చేయాలి.

అలాంటి సంస్థ ఒకటి ఉందనుకుని, ఒక్క షాంపూ సీసా వెంట నడుద్దాం. దాని ఎమ్మార్పీ 118 రూపాయలు. అసలు ధర 100, పన్ను 18. పన్ను 5 శాతమయ్యాక అదే సీసా 105 రూపాయలకు రావాలి. చిక్కేమిటంటే, అరలో ఉన్న పాత సీసా మీద 118 అనే అచ్చై ఉంటుంది. కౌంటర్‌లోని కంప్యూటర్ పాత ధరే చూపిస్తే క్యాషియర్‌కు అనుమానం రాదు, కొనేవారికీ రాదు. సీసా, బిల్లు ఒకే మాట చెబుతుంటే తప్పు పట్టేదెవరు?

క్యాషియర్ బార్‌కోడ్ స్కాన్ చేసినప్పుడు ధర వచ్చేది ఐటమ్ మాస్టర్ నుంచి. సరుకు కోడ్, పేరు, బార్‌కోడ్, ఎమ్మార్పీ, అమ్మకం ధర, జీఎస్టీ రేటు అన్నీ ఉండే పట్టిక అది. అసలు ప్రతి హెడ్ ఆఫీసులో ఉంటుంది, నకలు ప్రతి కౌంటర్‌లోనూ ఉంటుంది. ఇంటర్నెట్ పోయినా బిల్లింగ్ ఆగకూడదు కాబట్టి నకలు తప్పదు. పట్టికలో 40,000 సరుకులుంటే ఫైలు దాదాపు పది ఎంబీ అవుతుంది. ఈ రోజుల్లో అది పెద్ద లెక్క కాదు. కానీ ధరలు రోజుకు నాలుగైదుసార్లు మారతాయి. నాలుగు సరుకుల కోసం, క్యూలో జనం నిలబడి ఉండగా, పట్టికంతా తీసేసి మళ్లీ నింపడం పనికిరాని పని. అందుకే మారిన వరుసలే పంపుతారు. దాన్నే డెల్టా ఫైలు అంటారు. మన షాంపూ ఉన్న ఫైలు ఇలా ఉంటుంది:

```
H|4820|4821|3
U|100482|GST=5|PRICE=105.00|FROM=2025-09-22 00:00
U|100517|GST=5|PRICE=210.00|FROM=2025-09-22 00:00
D|088190
```

ఇందులో ప్రాణం మొదటి వరుసలో ఉంది. "ఇప్పుడు 4820వ వెర్షన్‌లో ఉన్న కౌంటర్‌కే ఈ ఫైలు; ఎక్కించుకున్నాక అది 4821 అవుతుంది; లోపల మూడు మార్పులున్నాయి" అని దాని అర్థం. కౌంటర్ 4818లో ఉంటే దీన్ని ముట్టుకోకూడదు. ముందు 4819, తర్వాత 4820 తెప్పించుకుని వరుసగా ఎక్కించుకోవాలి. నెలల తరబడి మూలన పడి ఉన్న కంప్యూటర్‌ను పండగ రద్దీకి బయటికి తీస్తే అన్ని డెల్టాలు వెతకడం దండగ, దానికి మొత్తం పట్టికే పంపాలి. U వరుసలో "13 రూపాయలు తగ్గించు" అని కాకుండా "ధర 105" అని ఉండటం గమనించండి. పొరపాటున రెండుసార్లు ఎక్కినా ధర 105గానే ఉంటుంది. ఫైలులో కనిపించని సరుకంటే మారలేదనే అర్థం కాబట్టి, అమ్మకం ఆపేసిన సరుకును D వరుసతో విడిగా చెప్పాలి.

వెర్షన్ నంబర్లు ఎందుకు, ఆఖరిసారి పంపిన గంట తర్వాత మారినవన్నీ ఏరి పంపితే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. హెడ్ ఆఫీసులో ఒక ఉద్యోగి 11:58కి ధర మార్చడం మొదలుపెట్టి 12:03కి సేవ్ చేశాడు. వరుస మీద పడిన సమయం 11:58. 12:00కి మార్పులు ఏరినప్పుడు అది ఇంకా సేవ్ కాలేదు, దొరకలేదు. తర్వాతిసారి 12:00 దాటినవే చూస్తారు, అప్పుడూ దొరకదు. ఆ ఒక్క సరుకు ఏ ఫైలులోనూ చేరకుండా మిగిలిపోతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. ఈ లోపం నెలల తరబడి దాగి ఉండగలదు. అందుకే సేవ్ అయి, ఆమోదం పొందిన మార్పులనే కట్టకట్టి, ఆ కట్టకు వరుస నంబరు వేయాలి.

ఇక FROM సంగతి. ఫైలు 18వ తేదీనే చేరిపోవచ్చు. చేరడం వేరు, అమల్లోకి రావడం వేరు. అర్ధరాత్రి 240 కంప్యూటర్లకు ఒక్కసారిగా పంపాలనుకోవడం కోరి తెచ్చుకునే తంటా. దుకాణాలు మూసి ఉంటాయి, కంప్యూటర్లు ఆపి ఉంటాయి. నాలుగు రోజుల ముందే పంపితే తప్పిన వాటిని వెతికి పట్టుకునే వ్యవధి ఉంటుంది. పాత ధర వరుసను చెరపకుండా కొత్తది పక్కన చేరుతుంది, బిల్లు వేసే క్షణాన తేదీ చూసి ఏది వర్తిస్తుందో కంప్యూటరే తీసుకుంటుంది. అయితే ఆ గడియారం సరిగా ఉండాలి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్ స్విచ్ వేయగానే ఎప్పటిదో తేదీ చూపిస్తుంది, పాత రేటే వేస్తుంది. కౌంటర్ తెరిచేటప్పుడు సర్వర్ గడియారంతో సరిచూసి, తేడా ఉంటే బిల్లింగే మొదలు కానివ్వకూడదు.

ఎక్కించేటప్పుడు కరెంటు పోతే? మూడు మార్పులూ, వెర్షన్ నంబరూ కలిపి ఒకే లావాదేవీగా రాయాలి. అయితే నాలుగూ పడాలి, లేకపోతే ఏదీ పడకూడదు. నంబరు ముందు 4821 అయిపోయి వరుసలు సగమే పడితే, ఆ కౌంటర్ తాను సరిగానే ఉన్నానని చెబుతుంది. ఇంకెవరూ దాని వైపు చూడరు. బిల్లు మధ్యలో కూడా ఎక్కించకూడదు. ఒకే బిల్లులో మొదటి సీసా 118, రెండోది 105 అయితే కొనేవారు ఊరుకోరు.

నా దృష్టిలో ఎక్కువ చోట్ల జారిపోయేది మరొకటి. హెడ్ ఆఫీసు నుంచి ఫైలు మొదట దుకాణంలోని సర్వర్‌కు వెళ్తుంది, అక్కడి నుంచి కౌంటర్లకు. సర్వర్‌కు చేరగానే తెరమీద ఆ దుకాణం పక్కన పచ్చగుర్తు పడుతుంది. మూడో కౌంటర్ మాత్రం ప్రింటర్ చెడిపోయి వారం నుంచి ఆపి ఉంది. 22 సాయంత్రం రద్దీకి దాన్ని ఆన్ చేస్తారు. అది 4816 దగ్గరే ఉంటుంది, షాంపూకు 118 వేస్తుంది. కాబట్టి రసీదు సర్వర్ ఇస్తే చాలదు. ప్రతి కౌంటర్ ఎక్కించుకున్నాక తన వెర్షన్ తానే చెప్పాలి, హెడ్ ఆఫీసు తెర దుకాణాలను కాక కౌంటర్లను చూపాలి. తేదీ కట్టుబాటున్న మార్పు వచ్చినప్పుడు కనీస వెర్షన్ కూడా పెట్టాలి. 22 నుంచి 4821 కంటే వెనకున్న కౌంటర్ ముందు అప్‌డేట్ అయ్యాకే బిల్లు వేయాలి.

నంబర్లు కలిసినా పట్టికలు కలవకపోవచ్చు. దుకాణంలో ఎవరో నేరుగా ధర దిద్ది ఉండొచ్చు. దానికి రాత్రిపూట ప్రతి కౌంటర్ తన పట్టిక మొత్తానికి చెక్‌సమ్ లెక్కగట్టి పంపాలి. ఒక్క అంకె తేడా ఉన్నా చెక్‌సమ్ మారిపోతుంది, ఆ కౌంటర్‌కు పట్టికంతా మళ్లీ పంపుతారు.

20న 118కి కొన్న సీసాను 23న ఒకరు వాపసు తెచ్చారనుకోండి. కంప్యూటర్ మాస్టర్‌ను అడిగితే 105 అంటుంది. అందుకే ధరను, పన్ను రేటును, మాస్టర్ వెర్షన్‌ను బిల్లుతో పాటే దాచాలి. వాపసు ఇవ్వాల్సింది 118, తిప్పాల్సిన పన్ను 18. 22 తర్వాత కూడా 118 పడిన బిల్లుతో ఎవరైనా వస్తే, దాని మీది 4816 చూడగానే తప్పు ఏ కౌంటర్‌దో, ఎన్ని బిల్లులకు సొమ్ము వెనక్కివ్వాలో తెలిసిపోతుంది.