ఆరువేల హద్దు నాలుగువేల ఎనిమిది వందల దగ్గరే ఎందుకు ముగుస్తుంది?

ఉద్యోగం చేస్తూ నిఫ్టీ ఆప్షన్లు కొనేవాళ్లను కదిపితే, చాలామంది "నెలకు ఇంత పోతే ఆపేస్తాను" అంటారు. ఆ అంకె ఎలా వచ్చిందో, ఎప్పుడు ఆపాలో అడిగితే మాత్రం జవాబు తడబడుతుంది. 2024-25లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో లావాదేవీలు చేసిన వ్యక్తుల్లో నూటికి 91 మంది నష్టపోయారని సెబీ లెక్కతేల్చింది. కాబట్టి ఈ హద్దును నష్టం వస్తుందనే అనుకుని గీసుకోవాలి.

చేతికి నెలకు 60 వేలు వచ్చే ఉద్యోగిని తీసుకుందాం. అద్దె, వాయిదాలు, ఇంటి ఖర్చులు పోను 15 వేలు మిగులుతాయి. అందులో 6 వేలు పోయినా ఇల్లు కుంటుపడదని భార్యాభర్తలు ఒప్పుకున్నారు. అదే నెల హద్దు. పొదుపు ఖాతానుగానీ క్రెడిట్ కార్డునుగానీ చూసుకుని ఈ అంకె పెంచకూడదు. పైగా ఆప్షన్ల నష్టాన్ని జీతంలో తగ్గించి పన్ను లెక్క వేసుకోవడం కుదరదు. రిటర్ను గడువులోగా వేస్తే 8 ఏళ్ల వరకు వ్యాపార లాభాల్లో తగ్గించుకోవచ్చు. అంటే పోయే ప్రతి రూపాయీ పన్ను కట్టేశాక మిగిలిన జీతంలోదే.

ఇప్పుడు ఒక్కో ట్రేడు. నిఫ్టీ లాట్ 65 యూనిట్లు. ప్రీమియం 120 రూపాయలున్న కాల్ కొంటే 7,800 కట్టాలి. మనవాడు 97 దగ్గర స్టాప్‌లాస్ పెట్టాడు. యూనిట్‌కు 23 రూపాయల నష్టం, మొత్తం 1,495. ఆరువేలలో ఇలాంటివి నాలుగు పడతాయని లెక్కేసుకున్నాడు. తప్పు అక్కడే మొదలైంది.

ఎన్ఎస్ఈ 2021లో ఆప్షన్లకు మార్కెట్ ధరకు అమ్మేసే స్టాప్‌లాస్ ఆర్డర్లను తీసేసింది. ఇప్పుడు ట్రిగ్గర్ ధరతోపాటు లిమిట్ ధర కూడా ఇవ్వాలి. ట్రిగ్గర్ 97, లిమిట్ 94 అనుకోండి. ధర 97 తాకగానే ఆర్డరు లేస్తుంది, 94 వరకు ఎంతకైనా అమ్ముడుపోతుంది. 94కు పోతే నష్టం 1,690. బ్రోకరేజీ, పన్నులు కలిపి ఇంకో 60 వేసుకుంటే 1,750. ట్రేడు రిస్కు అంటే ఇదీ. ధర ఒక్క ఊపున 94 కిందికి దూకితే ఆర్డరు అలాగే వేలాడుతుంది. ఆఫీసులో మీటింగులో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలిసేసరికి ప్రీమియం 70కి దిగి ఉండొచ్చు. అందుకే ఫోను చూడలేని గంటల్లో పొజిషన్ ఉంచుకోకపోవడమే మేలు. రాత్రికి మోసుకెళ్లడం అసలే వద్దు, తెల్లారి గ్యాప్‌తో తెరిచే ధరకు ఏ స్టాప్‌లాసూ అడ్డుపడదు. ఆప్షన్లు అమ్మేవాళ్లకైతే ఈ లెక్కేదీ పనికిరాదు, వాళ్ల నష్టానికి అడుగు లేదు.

మొదటి ట్రేడు 97కే తెగింది, ఖర్చులతో 1,555 పోయింది. రెండోది 94కు, 1,750. మూడోది మళ్లీ 1,555. మొత్తం 4,860. ఇంకా 1,140 మిగిలి ఉంది, నాలుగో ట్రేడు వేయొచ్చా? వేయకూడదు. మిగిలినది ఒక ట్రేడు రిస్కుకన్నా తక్కువైన క్షణాన ఆ నెల అయిపోయినట్టే. హద్దు దాటాక ఆగుదామనుకునేవాడు నిజానికి ఏడువేల దగ్గర ఆగుతాడు.

అప్పుడు రెండు ఉపాయాలు తడతాయి. ఒకటి, స్టాప్‌లాస్‌ను పదిహేను రూపాయలకు కుదించి 1,140లో ఇరికించడం. నిఫ్టీ మామూలు కదలికలోనే ఆ పదిహేనూ తెగిపోతుంది. రెండోది మరీ చెడ్డది. ఎక్స్‌పైరీ రోజైన మంగళవారం పది రూపాయల ఆప్షన్ కొని 'జీరో టు హీరో' ఆడటం. దాని ఖరీదు 650 రూపాయలే కదా అనిపిస్తుంది, మూడు గంటలకల్లా అది సున్నా.

చేతులు కట్టేసే ఏర్పాటు ముందే ఉండాలి. ఒకటో తేదీన బ్రోకర్ ఖాతాలో 13,800 వేస్తారు. అంటే ఒక లాట్ ఖరీదు, నెల హద్దు కలిపి. నెల మధ్యలో మళ్లీ వేయరు. ఆగాల్సిన రోజు రాగానే మిగతా డబ్బు బ్యాంకుకు వెనక్కి పంపేసి, యాప్‌లో కిల్ స్విచ్ ఉంటే ఆప్షన్ల విభాగాన్ని మూసేస్తారు. కొన్ని యాప్‌లలో అది కొన్ని గంటల్లోనే మళ్లీ తెరుచుకునే వీలుంటుంది కనుక, అసలు తాళం డబ్బు వెనక్కి పంపడమే.

మొదటి వారంలో 8 వేలు లాభం వస్తేనో? "మార్కెట్ డబ్బే కదా" అంటూ హద్దును 14 వేలకు సాగదీస్తారు. ఆ లాభాన్ని వారాంతంలో బ్యాంకుకు తీసేసి, హద్దును 6 వేల దగ్గరే ఉంచాలి. వాడని హద్దు వచ్చే నెలకు కలవదు. వరసగా మూడు నెలలు హద్దు తగిలితే నాలుగో నెల ఖాతాలో డబ్బు వేయకుండా, ఆ మూడు నెలల కాంట్రాక్ట్ నోట్లు ముందేసుకుని ఏ గంటల్లో, ఏ రోజుల్లో పోయిందో చూసుకోవాలి.